బిగుతుగా కత్తిరించిన ఫొటోకు భుజాలు, ఆకాశం, నేల చేర్చడం: కొలతతో మొదలుపెట్టే పద్ధతి

చిత్రం గీయడానికి రిఫరెన్స్‌గా వచ్చే ఫొటోలలో చాలావాటికి ముఖం బాగానే ఉంటుంది కానీ భుజాలు ఉండవు. కాలరు దగ్గరే ఫ్రేమ్ తెగిపోతుంది, తల మీద నాలుగు వేళ్ల జాగా కూడా మిగలదు. అలాంటి ఫొటో కాన్వాస్‌ను నాలుగు వైపులా పెంచి, లేని భాగాన్ని నమ్మదగినట్టు చేర్చే పద్ధతిని ఇక్కడ ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను. నేను వాడేది ఉచితంగా దొరికే జింప్ కనుక మెనూ పేర్లు దానివే ఇస్తాను. లేయర్లు, మాస్కులు ఉన్న ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఇవే పనులు చేయవచ్చు.

ఉదాహరణగా తీసుకున్న ఫొటో 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పిక్సెళ్ల ఎత్తు ఉంది. మధ్యవయస్కుడు ఒకరు కెమెరాకు ఎదురుగా నిలబడి ఉన్నారు. తొడుక్కున్నది లేత రంగు కాలరు చొక్కా, వెనుక మబ్బు లేని ఆకాశం. వెలుతురు ఫొటోలో ఎడమ పైవైపు నుంచి వస్తోంది. మెడ నుంచి భుజం వైపు దిగే ఏటవాలు రెండు పక్కలా కొంచెం కనిపించి, ఫ్రేమ్ అంచు దగ్గర తెగిపోయింది.

ముందు కొలతలు, తరువాతే బ్రష్

భుజాలు అతికించిన చాలా బొమ్మలలో తప్పు రంగులో ఉండదు, వెడల్పులో ఉంటుంది. ఫ్రేమ్‌లో ఎంత జాగా ఉంటే అంతలోనే భుజాలను సర్దేయాలని చేయి తొందరపడుతుంది. దాంతో పెద్ద తల కింద చిన్నపిల్లవాడి భుజాలు వచ్చి కూర్చుంటాయి. అందుకే మొదట కొలిచే టూల్ తీసుకుని (జింప్‌లో `Measure`) మూడు సంగతులు రాసిపెట్టుకోవాలి.

మొదటిది తల ఎత్తు, అంటే నడినెత్తి నుంచి గడ్డం కొస వరకు. ఇక్కడ అది 920 పిక్సెళ్లు. రెండవది చెవుల దగ్గర తల వెడల్పు, 640 పిక్సెళ్లు. మూడవది భుజపు ఏటవాలు. ఎడమవైపు అది మెడ దగ్గర మొదలై 310 పిక్సెళ్లు పక్కకు జరిగేసరికి 120 పిక్సెళ్లు కిందికి దిగి ఫ్రేమ్ దాటిపోయింది. అంటే సుమారు 21 డిగ్రీల వాలు.

పెద్దవారిలో రెండు జబ్బల బయటి అంచుల మధ్య దూరం తల వెడల్పుకు సుమారు మూడు రెట్లు ఉంటుంది. సన్నని శరీరం ఉన్నవారిలో కొంచెం తక్కువ, పిల్లలలో బాగా తక్కువ. మన లెక్కలో 640ని 3తో గుణిస్తే 1920. తల మధ్యగీత అసలు ఫొటో ఎడమ అంచుకు 550 పిక్సెళ్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి రెండు వైపులా 960 చొప్పున కొలిస్తే ఎడమ జబ్బ ఫ్రేమ్‌కు 410 పిక్సెళ్లు బయటికి, కుడి జబ్బ 430 పిక్సెళ్లు బయటికి పోతాయి. ఫ్రేమ్‌లో కనిపించని శరీరం ఎంత ఉందో ఈ లెక్క వేసేదాకా చాలామందికి నమ్మబుద్ధి కాదు.

ఈ వెడల్పు సరైనదేనా అని ఫొటోనే అడగవచ్చు. గొంతు కింద ఎముకల మధ్య ఉండే గుంట సాధారణంగా గడ్డానికి మూడోవంతు తల కిందికి ఉంటుంది. చేతులు వదులుగా ఉన్నప్పుడు భుజపు ఎముక కొస కూడా ఇంచుమించు ఆ ఎత్తుకే వస్తుంది. మన ఫొటోలో ఆ గుంట గడ్డానికి 307 పిక్సెళ్ల కిందికి రావాలి. కనిపిస్తున్న ఏటవాలును అదే 21 డిగ్రీలతో ఫ్రేమ్ బయటికి 235 పిక్సెళ్లు పొడిగిస్తే మరో 90 పిక్సెళ్లు దిగి సరిగ్గా ఆ ఎత్తుకే చేరుతోంది. అక్కడ ఎముక కొస ఉంటుంది, దాని తరువాత జబ్బ కండ గుండ్రంగా కిందికి వంగుతుంది. రెండు లెక్కలూ ఒకే చోట కలిశాయి కనుక 1920ని నమ్మవచ్చు. కలవకపోతే ఏటవాలునే నమ్మండి. అది ఆ మనిషి శరీరం నుంచి వచ్చినది, మూడు రెట్ల లెక్క అందరి సగటు నుంచి వచ్చినది.

రెండు సందర్భాలలో ఈ లెక్కను సవరించుకోవాలి. కెమెరా ముఖానికి చాలా దగ్గరగా ఉండి, తల ముందుకు చాచినప్పుడు భుజాలు వెనుక ఉండిపోతాయి కనుక చిన్నగా కనిపిస్తాయి. కెమెరాకు తల 50 సెంటీమీటర్ల దూరంలో, భుజాలు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే భుజాల వెడల్పు ఆరోవంతు తగ్గుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి తీసినప్పుడు ఆ తేడా లెక్కలోకి రాదు. ముక్కు ఉబ్బినట్టు ఉండి, చెవులు చెంపల వెనక్కి సగం దాక్కుంటే ఫొటో దగ్గర నుంచి తీసినదని గుర్తు. రెండవ సందర్భం మొండెం పక్కకు తిరిగి ఉండటం. ముఖం ఎదురుగా ఉన్నా గొంతు గుంట, చొక్కా గుండీల వరుస గడ్డానికి నేరుగా కింద లేకుండా ఒక పక్కకు జరిగి ఉంటే మొండెం అటు తిరిగిందని అర్థం. అప్పుడు కెమెరాకు దూరంగా ఉన్న భుజం కురచగా కనిపిస్తుంది, రెండు వైపులా 960 పెట్టడం తప్పవుతుంది.

కాన్వాస్ ఎంత పెంచాలి

ఫైల్ తెరవగానే `Image > Precision > 16 bit integer` ఎంచుకోవాలి. దీని అవసరం ఆకాశం దగ్గర తెలుస్తుంది. తరువాత `Image > Canvas Size...` తెరిచి, వెడల్పు ఎత్తులను కలిపే గొలుసు గుర్తును విడదీసి, ఈ అంకెలు ఇవ్వాలి.

```
Width: 2400    Height: 2400
Offset X: 650  Offset Y: 300
```

భుజాలు 1920 తీసుకుంటాయి, రెండు పక్కలా 240 చొప్పున గాలి మిగులుతుంది, తల మధ్యగీత కాన్వాస్ నడుమకు వస్తుంది. తల పైన 300, కింద 750 పిక్సెళ్లు కొత్తగా చేరాయి. గడ్డానికి ఒక తల కిందికి చనుమొనల గీత వస్తుందన్న లెక్క ప్రకారం మన బొమ్మ ఛాతీ మధ్య దాటి ఆగుతుంది.

అసలు ఫొటో లేయర్‌ను పాడుచేయకుండా దానికి ఒక నకలు తీసి, మూలాన్ని తాళం వేసి ఉంచండి. అసలు ఫ్రేమ్ నాలుగు అంచుల మీద గైడ్ గీతలు పెట్టండి. పని మధ్యలో ఏది నిజం, ఏది మన ఊహ అన్నది చెప్పేవి ఈ గీతలే.

భుజాలు: ముందు ఆకారం, తరువాత వెలుగు, చివరికి బట్ట

కొత్త లేయర్ మీద `Paths` టూల్‌తో బయటి గీత వేయాలి. మెడ దగ్గర మొదలై, కనిపిస్తున్న ఏటవాలు మీదుగానే కనీసం 100 పిక్సెళ్లు ప్రయాణించి ఫ్రేమ్ దాటాలి. అంచు దగ్గర గీత మొదలుపెడితే అక్కడ ఒక చిన్న మడత పడుతుంది, దాన్ని ఎంత నునుపు చేసినా కన్ను పట్టేస్తుంది. ఏటవాలు తిన్నని గీత కాదు. మెడ దగ్గర లోపలికి కొంచెం వంగి, ఎముక కొస దగ్గర చిన్నగా ఉబ్బి, ఆపైన జబ్బ మీదుగా బయటికి గుండ్రంగా తిరుగుతుంది. చొక్కా వేసుకున్నప్పుడు భుజం కుట్టు ఆ ఎముక కొసకు కొంచెం అటో ఇటో వస్తుంది, దాని కింద బట్ట శరీరానికి అంటుకోకుండా వదులుగా జారుతుంది.

రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉండాలనుకోవడం ఇంకో పొరపాటు. నిలబడ్డ మనిషిలో ఒక భుజం కాస్త దిగి ఉండటమే మామూలు. కనిపిస్తున్న రెండు ఏటవాళ్లను విడివిడిగా కొలిచి విడివిడిగానే పొడిగించండి. ఎడమ భుజాన్ని తయారుచేసి అద్దంలోలా తిప్పి కుడివైపు అతికించే అడ్డదారి నేనూ తొక్కాను. వెలుగు రెండు వైపుల నుంచి వచ్చింది, చొక్కాకు రెండు జేబులు మొలిచాయి. జేబు చెరిపేశాను కానీ వెలుగును చెరపలేక పని మొత్తం మళ్లీ మొదలుపెట్టాను.

ఆకారం కుదిరాక అందులో మూడు చదును రంగులే నింపండి: వెలుగు, నడిమి రంగు, నీడ. మూడింటినీ కాలరు మీద నుంచే తీసుకోవాలి. రంగు తీసుకునే టూల్‌లో సగటు తీసే ఎంపికను తెరిచి వ్యాసార్థం 10 పిక్సెళ్లు పెడితే ఒక్క నలుసు రంగు రాకుండా ఆ చోటి అసలు రంగు వస్తుంది. వెలుగు ఎటు నుంచి వస్తుందో ముక్కు నీడ, గడ్డం కింద మెడ మీద పడ్డ నీడ చెబుతాయి. మన ఫొటోలో ముక్కు నీడ కుడివైపు పడింది. కనుక ఎడమ భుజం పైభాగం అంతటికంటే వెలుగుగా ఉండాలి, కుడి జబ్బ నీడలోకి జారాలి, కుడి భుజం పైఅంచు మీద మాత్రం ఆకాశపు వెలుగు సన్నగా మిగలాలి. ఈ దశలో బొమ్మను చిన్నది చేసి చూస్తే మనిషి నిలబడ్డట్టు కనిపించాలి. అలా కనిపించకపోతే బట్ట నేత ఎంత చక్కగా అతికించినా లాభం ఉండదు.

బట్టకు అన్నిటికంటే మంచి దారి ఇంకో ఫొటో తీసుకోవడమే. అలాంటి కాలరు చొక్కాను ఎవరికైనా తొడిగించి, వెలుతురు అదే వైపు నుంచి పడేలా నిలబెట్టి, కెమెరాను అదే ఎత్తులో ఉంచి తీస్తే మడతలు వాటంతట అవే సరైన చోట పడతాయి. ఆ ఫొటోలో కాలరు కొసల మధ్య దూరాన్ని మన ఫొటోలో ఉన్న దూరానికి సరిపోల్చి సైజు మార్చి, మనం గీసిన ఆకారం లోపల మాస్క్‌తో కూర్చోబెట్టాలి. ఆ మనిషి భుజాలు మన గీతకు సరిపోకపోతే `Warp Transform`తో బట్టను గీత దగ్గరికి జరపాలి, గీతను బట్ట దగ్గరికి కాదు. వేరే ఫొటో దొరకనప్పుడు కాలరు కింద కనిపిస్తున్న కొద్దిపాటి బట్టను క్లోన్ టూల్‌తో పరచవచ్చు, కానీ మడతలను చేత్తో వేయాల్సిందే. చొక్కా మడతలు రెండు చోట్ల నుంచి పుడతాయి, ఒకటి చంక, రెండవది బిగించిన గుండీ. మూడు నాలుగు మడతలు చాలు. ఎక్కువ వేస్తే చూపు ముఖం మీద నుంచి చొక్కా మీదికి పోతుంది.

ఆకాశం ఒకే నీలం కాదు

నిర్మలమైన ఆకాశం నడినెత్తి వైపు ముదురుగా, దిగంతం వైపు లేతగా ఉంటుంది. అందుకే పైఅంచు రంగును తీసి పై 300 పిక్సెళ్లలో పోస్తే అక్కడ ఒక మూత పెట్టినట్టు కనిపిస్తుంది. రంగు మారుతున్న వేగాన్ని కొలిచి అదే వేగంతో ముందుకు తీసుకుపోవాలి. మన ఫొటోలో పైఅంచుకు 10 పిక్సెళ్ల కింద సగటు రంగు ఎరుపు 118, ఆకుపచ్చ 158, నీలం 206. 400 పిక్సెళ్ల కింద అవి 138, 172, 212. అంటే 390 పిక్సెళ్లలో 20, 14, 6 చొప్పున మారాయి. పైకి మరో 300 పిక్సెళ్లు పోతే 15, 11, 5 చొప్పున తగ్గాలి, కనుక కొత్త కాన్వాస్ పైఅంచు రంగు సుమారు 103, 147, 201. కొలిచినంత దూరానికి మించి ఇలా పొడిగించకండి. ఈ వేగం ఆకాశమంతా ఒకేలా ఉండదు కనుక దూరం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది.

గ్రేడియంట్ టూల్‌లో `Dithering` గుర్తు పెట్టి ఈ రంగుల మధ్య నిలువు గ్రేడియంట్ వేయాలి. 8 బిట్లలో 300 పిక్సెళ్ల పొడవునా 15 మెట్లే ఉంటే ఆకాశంలో పట్టీలు కనిపిస్తాయి. మొదటే 16 బిట్లకు మారింది అందుకే. పక్కలకు పెంచేటప్పుడు ఎడమ, కుడి అంచుల దగ్గర ఒకే ఎత్తులో రంగులు పోల్చండి. సూర్యుడు ఉన్న వైపు వెలుగుగా ఉంటుంది, ఆ తేడాను పలుచని అడ్డ గ్రేడియంట్‌గా ఇంకో లేయర్ మీద వేయాలి.

ఇక్కడ దాగి ఉన్న చిక్కు ఒకటుంది. లెన్స్ వల్ల ఫొటో మూలలు కొంచెం నల్లబడి ఉంటే, కాన్వాస్ పెంచాక ఆ నలుపు బొమ్మ నడుమకు వచ్చి పాత ఫ్రేమ్ నీడలా నిలబడిపోతుంది. ముందు ఆ మూలలను తేటపరచి, పని అంతా అయ్యాక కావాలంటే కొత్త మూలలను నల్లబరచుకోవాలి.

మబ్బులు ఉంటే వాటిని అద్దంలోలా తిప్పి అతికించవద్దు. జంట మబ్బులను చూపు వెంటనే పట్టేస్తుంది. పైగా దిగంతం దగ్గర మబ్బులు చిన్నగా, పల్చగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, పైకి పోయేకొద్దీ పెద్దవవుతాయి. కింది మబ్బును తీసి పైన పెట్టేటప్పుడు కనీసం పెద్దదైనా చేయాలి.

కిందికి పెంచినప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. బయలు ప్రదేశంలో దిగంత రేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే మనిషిని దాటిపోతుంది. మన ఫొటోలో ముక్కు రంధ్రాలు, గడ్డం అడుగు భాగం కనిపిస్తున్నాయి కనుక కెమెరా ముఖం కంటే కిందగా, సుమారు ఛాతీ ఎత్తులో ఉందని నా అంచనా. అంటే కొత్త కాన్వాస్‌లో పైఅంచుకు 2230 పిక్సెళ్ల కింద భుజాల వెనుక దిగంతం కనిపించాలి. అక్కడ కూడా ఆకాశమే నింపితే మనిషి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. లేని చెట్లు, కొండలు కల్పించే కన్నా చివర్లో కాన్వాస్‌ను 2150 దగ్గర కత్తిరించేయడమే నాకు నచ్చింది. ఛాతీ అప్పటికీ చాలినంత మిగిలింది.

అతుకు, దాని మీద నలుసు

అసలు ఫొటో నకలును అన్నిటికీ పైన ఉంచి, దాని మాస్క్ మీద మెత్తని నల్లని బ్రష్‌తో అంచులను కొద్దికొద్దిగా మాయం చేయాలి. నాలుగు అంచుల వెంబడి ఒకే వెడల్పున మెత్తబరచడం సులువే కానీ అది తిన్నని పట్టీగా మిగులుతుంది. కొన్ని చోట్ల 20 పిక్సెళ్లు, కొన్ని చోట్ల 60 పిక్సెళ్లు లోపలికి పోతూ వంకరటింకరగా చెరపాలి. చొక్కా మీద అతుకును మడత వెంట, కాలరు అంచు వెంట నడిపిస్తే అది కనిపించకుండా పోతుంది.

రంగులు కలిసినా అతుకు కనిపిస్తోందంటే కారణం నలుసు. సెన్సర్ నుంచి వచ్చిన సన్నని గరుకు, జేపెగ్ కుదింపు గుర్తులు అసలు ఫొటోలో ఉంటాయి, మనం వేసిన గ్రేడియంట్ గాజులా నున్నగా ఉంటుంది. ఈ తేడాను కంటితో ఊహించనక్కరలేదు. `Windows > Dockable Dialogs > Histogram` తెరిచి, పాత ఆకాశంలో సుమారు 40 పిక్సెళ్ల చదరాన్ని ఎంచుకుంటే `Std dev` అనే అంకె కనిపిస్తుంది. ఆ చదరంలో పిక్సెళ్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో అది చెబుతుంది. చదరం పెద్దదైతే ఆకాశపు రంగు మార్పు కూడా అందులో కలిసిపోతుంది కనుక చిన్నదే చాలు. మన ఫొటోలో అది పాత ఆకాశంలో 3 దగ్గర, కొత్త ఆకాశంలో 1 లోపల ఉంది.

కొత్త భాగానికి `Filters > Noise > RGB Noise...` తక్కువ మోతాదులో వేసి, దాని మీద సుమారు 0.6 పిక్సెళ్ల `Gaussian Blur` ఇవ్వాలి. కెమెరా నలుసు ఒక్కొక్క పిక్సెల్‌గా కాక చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది, ఆ గుణం ఈ మసకతో వస్తుంది. మసక వల్ల అంకె తగ్గుతుంది కనుక మళ్లీ కొలిచి, 3 దగ్గరికి చేరేదాకా మోతాదు సరిచేయాలి. చొక్కా నీడలో కూడా ఇదే పోలిక విడిగా చేయండి. వెలుగులో, నీడలో నలుసు ఒకేలా ఉండదు.

మసక విషయం కూడా ఇంతే. కళ్ల మీద ఫోకస్ ఉన్న దగ్గరి ఫొటోలో భుజాలు కొంచెం మసకగా ఉండవచ్చు. పాత ఫొటోలో మెడ పక్కన బట్ట నేత ఎంత స్పష్టంగా ఉందో చూసి, కొత్త బట్ట అంతకంటే స్పష్టంగా ఉండకుండా చూసుకోండి.

నేల చేర్చాల్సి వస్తే

నిలువెత్తు ఫొటోలో పాదాల కిందే ఫ్రేమ్ ఆగిపోయినప్పుడు నేల కావాలి. పలకల నేల అయితే దూరానికి పోతూ దగ్గరయ్యే రెండు గీతలను కలిసేదాకా పొడిగిస్తే దిగంతం ఎత్తు తెలుస్తుంది. ఆ గీతలనే మన వైపు కొత్త కాన్వాస్‌లోకి పొడిగించాలి. అడ్డ గీతలను కంటి కొలతతో వేయకూడదు. ఇప్పటికే కనిపిస్తున్న రెండు మూడు పలకల మూలల మీదుగా ఐమూలగా ఒకే గీత గీసి కిందికి పొడిగిస్తే, అది పొడిగించిన గీతలను ఎక్కడెక్కడ కోస్తుందో అక్కడక్కడ తరువాతి అడ్డ వరుసలు వస్తాయి. ప్రతి వరుసా దాని వెనుక వరుస కంటే వెడల్పుగా వచ్చిందంటే లెక్క కుదిరినట్టే. మట్టి, గడ్డి, సిమెంటు నేలలకు గీతలు ఉండవు కానీ గరుకు మన వైపు వచ్చేకొద్దీ పెద్దది కావాలి, కనుక క్లోన్ చేసిన ముక్కను కొంచెం సాగదీసే పెట్టాలి.

చెప్పు అడుగున, నేలను తాకే చోట ఒక సన్నని, దాదాపు నల్లని నీడ ఉంటుంది. ఆ నీడ తగిలిన చోటి నుంచి దూరంగా పోయేకొద్దీ లేతబడి మసకబారుతుంది. ఇది లేకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా మనిషి నేల మీద నిలవడు. పాదాలే తెగిపోయి ఉంటే మాత్రం నేల జోలికి పోవద్దు. పాదాల కోణాన్ని మోకాళ్లను చూసి ఊహించడం కష్టం. పిక్కల మధ్యన కత్తిరించడమే మేలు, చీలమండ దగ్గర మాత్రం కత్తిరించకూడదు.

తనిఖీ

`Layer > New from Visible`తో అన్ని లేయర్ల మీదా ఒక నకలు తీసి, దాని మీద `Colors > Curves`లో గీతను నిటారుగా లేపండి. కాంట్రాస్ట్ విపరీతంగా పెరిగి, మామూలుగా కనిపించని అతుకులు, పట్టీలు, పాత ఫ్రేమ్ మూలలు బయటపడతాయి. వాటిని కింది లేయర్లలో సరిచేసి ఈ నకలును తీసేయండి. తరువాత `View > Flip & Rotate > Flip Horizontally` ఎంచుకుని బొమ్మను తిప్పి చూడండి. ఒక భుజం బరువుగా ఉందని తోస్తే మొదట రాసిపెట్టుకున్న అంకెలతో మళ్లీ కొలవండి. ఈ తిప్పిచూడటం నేను మరుసటి రోజు చేస్తాను, అప్పుడే తప్పు నాకు కనబడుతుంది.

చివరగా కాన్వాస్‌ను 2150 ఎత్తుకు కత్తిరించి రెండు ఫైళ్లు దాచుకోండి. ఒకటి పూర్తయిన బొమ్మ, రెండవది అదే బొమ్మ మీద అసలు ఫ్రేమ్ సరిహద్దు సన్నని గీతగా కనిపించేది. చిత్రం గీసేటప్పుడు పక్కన పెట్టుకోవాల్సింది రెండవది. గీత లోపల ఉన్న మెడ నరాన్ని, కాలరు మడతను ఉన్నది ఉన్నట్టు గీయవచ్చు. గీత బయట ఉన్న జబ్బ గుండ్రదనం నచ్చకపోతే మార్చుకోవచ్చు.